‘వస్తామని చెప్పనివాళ్లకు ఓటు లేదు’ అని సెక్రటరీ నోటీసు పెట్టొచ్చా?

సీక్యాంప్_మూడో_అంతస్తు
కర్నూలులో మాది 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. సంఘం 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరైంది. 2025 సెప్టెంబరు 13 రాత్రి సెక్రటరీ వాట్సాప్ గ్రూపులో నోటీసు పెట్టినాడు: ‘సర్వసభ్య సమావేశం 21 ఆదివారం ఉదయం 10కి, సెల్లార్లో. వచ్చేవాళ్లు 18లోపు కింది పోల్‌లో తెలపాలి. తెలపనివారిని కోరంలో లెక్కించము, ఓటు ఉండదు.’ బైలాలో 14 పూర్తి రోజుల నోటీసు, కోరం మూడో వంతు అని రాసుంది. ఈ షరతు చెల్లుతుందా?

అనంత_పాతకాపు
చెల్లదు. అసలు వాట్సాప్‌లో పెట్టేది నోటీసే కాదు. రిజిస్టర్ పోస్టులో ప్రతి ఇంటికీ రావాల, సంతకం తీసుకోవాల. అది లేకుంటే మీటింగే లేదు, పోవద్దండి.

కడప_బ్లాక్_బి
సెక్రటరీ పని చేసి చూస్తే తెలుస్తుంది మీకు. ఎంతమంది వస్తారో తెలియకుండా కుర్చీలు ఎన్ని తెప్పించాల? లెక్కల జిరాక్సులు ఎన్ని తీయాల? సామియానా వాడు ముందురోజే లెక్క అడుగుతాడు. ‘చెప్పకుంటే ఓటు లేదు’ అని భయపెడితే తప్ప 48 మందిలో 10 మంది కూడా జవాబివ్వరు. ఆయన రాసింది తప్పే కావచ్చు, ఎందుకు రాసినాడో మాత్రం నాకు అర్థమైంది.

మినిట్స్_బుక్కు
ఓటు సభ్యత్వంతో వస్తుంది, పోల్‌తో కాదు. సభ్యుని ఓటు తీసేయాలంటే ఆ మాట బైలాలో ఉండాలి. సెక్రటరీ నోటీసులో ఒక వాక్యం కలిపితే బైలా మారిపోదు. 18లోపు జవాబివ్వని మనిషి 21న వచ్చి రిజిస్టర్లో సంతకం పెడితే ఆయన హాజరైనట్టే, కోరంలోనూ ఉన్నట్టే. ఆపితే ఆ రోజు తీర్మానాలన్నిటికీ అదే ఎసరు.

పోస్టు విషయంలో అనంతపురం అన్న సగం సరి. నోటీసు ఎట్లా ఇవ్వాలో చెప్పేది బైలానే. కొన్ని బైలాల్లో చేతికిచ్చి సంతకం తీసుకోవాలని ఉంటుంది, కొన్నింట్లో నోటీసు బోర్డుకు అంటిస్తే చాలు, ఈ మధ్య రాసుకున్నవాటిలో ఈమెయిలు, వాట్సాప్ కూడా చేర్చుకున్నారు. మీ దాంట్లో ఆ క్లాజు ఏమంటుందో ఒకసారి చూసి చెప్పండి. పోల్‌లో ఇప్పటికి ఎంతమంది నొక్కినారో కూడా చెప్పండి.

సీక్యాంప్_మూడో_అంతస్తు
‘నోటీసు బోర్డుపై అంటించి, ఫ్లాటు ఫ్లాటుకూ అందజేయాలి’ అని ఉంది. బోర్డుకు 13 సాయంత్రమే అంటించినారు, అదే రాత్రి వాచ్‌మన్ ఇంటింటికీ కాయితం ఇచ్చి పుస్తకంలో సంతకాలు తీసుకున్నాడు. పోల్‌లో ‘వస్తాను’ అని 29 మంది. సెక్రటరీ అయితే ‘కోరం 16, మనకు 29 వచ్చేసింది’ అని గ్రూపులో సంబరంగా రాసినాడు.

మినిట్స్_బుక్కు
అందజేయడంలో లోపం లేదన్నమాట. లోపం లెక్కలో ఉంది.

పోల్ ఫోన్లను లెక్కపెడుతుంది, ఫ్లాట్లను కాదు. ఆ 29 పేర్లనూ సభ్యుల రిజిస్టరుతో ఒక్కొక్కటిగా సరిచూడండి. అద్దెకున్నవాళ్లు ఎంతమంది? భార్యాభర్తలిద్దరూ నొక్కిన ఇళ్లెన్ని? పేరు నాయనది, నొక్కింది కొడుకు అయిన ఇళ్లెన్ని?

సీక్యాంప్_మూడో_అంతస్తు
ఇప్పుడే కూర్చుని చూసినా. అద్దెకున్నవాళ్లు 8 మంది. భార్యాభర్తలిద్దరూ నొక్కినవి 4 ఇళ్లు. ఇద్దరు కొడుకులు, ఓనర్లు వాళ్ల నాయనలు.

మినిట్స్_బుక్కు
29లో అద్దెవాళ్లు 8 పోతే 21. నాలుగిళ్లలో ఒక్కో పేరు తీసేస్తే 17. కొడుకులిద్దరి పేర్లు రిజిస్టర్లో లేవు కాబట్టి 15. కావాల్సింది 16. సంబరంగా రాసిన 29లో కోరానికి ఒకటి తక్కువ.

ఇప్పుడు ఆయన షరతును దీని పక్కన పెట్టి చూడండి. పోల్ నొక్కని ఓనర్లు ఒక ఆరుగురు 21న నేరుగా వస్తారనుకుందాం. వాళ్లను కలుపుకుంటే 21, కోరం హాయిగా నిండుతుంది. ‘మీరు చెప్పలేదు, లెక్కించము’ అంటే మళ్లీ 15. తన షరతుతో తన మీటింగునే ఆయన పోగొట్టుకుంటాడు.

బెంగళూరులో_ఉన్నా
అన్నా, అనంతపురంలో నాకొక ఫ్లాటుంది, అద్దెకిచ్చినా. మెయింటెనెన్సు నాలుగు నెలలు బాకీ. వస్తానని చెప్తే బాకీ కట్టమని పట్టుకుంటారేమో? మా అద్దెకున్నాయన్ని పంపిస్తే ఆయన ఓటు నా ఓటే కదా?

అనంత_పాతకాపు
బాకీ ఉన్నవాళ్లకు ఓటు లేదప్పా, యాడైనా అంతే.

మినిట్స్_బుక్కు
యాడైనా కాదు. బాకీ ఇన్ని నెలలు దాటితే ఓటు లేదని బైలాలో రాసుకున్న చోటే అది నడుస్తుంది. రాసుకోని చోట బాకీ వసూలు చేసుకోవచ్చు, ఓటు ఆపలేరు. బెంగళూరు తమ్ముడూ, అద్దెకున్నాయన వచ్చి కూర్చుంటే ఎవరూ కాదనకపోవచ్చు, కానీ మీ బదులు ఇంకొకరు ఓటేయొచ్చని బైలా చెప్పకుంటే ఆయన చెయ్యెత్తినా లెక్కలోకి రాదు. చెప్పినా, మీ సంతకంతో ఉత్తరం ముందే సెక్రటరీ చేతిలో పడాలి. ఆ సంగతి వేరే థ్రెడ్‌లో అడిగితే మేలు.

కడప_బ్లాక్_బి
సరే, షరతు తప్పు. మరి రోజుల సంగతేమిటి? 13న ఇచ్చినాడు, 21న మీటింగు. వారం దాటింది కదా.

మినిట్స్_బుక్కు
బైలాలో ‘పూర్తి రోజులు’ అని ఉంది కాబట్టి ఇచ్చిన రోజు లెక్కకు రాదు, మీటింగు రోజూ రాదు. నడుమ మిగిలేవి 14 నుంచి 20 దాకా, 7 రోజులే. కావాల్సినదాంట్లో సగం. చిత్రమేమంటే అదే కాయితంలో 21 బదులు 28 ఆదివారం అని వేసుంటే 14 నుంచి 27 దాకా సరిగ్గా 14 రోజులు వచ్చేవి. ఇంకో సంగతి ఎవరూ అనలేదు. 21 మహాలయ అమావాస్య. పొద్దున పదింటికి సగం మంది తుంగభద్ర ఘాట్ల దగ్గర తర్పణాల్లో ఉంటారు. ఆ రోజు, ఆ వేళకు కోరం నిండాలంటే కష్టమే.

అనంత_పాతకాపు
కోరం లేకుంటే ఏముంది, అరగంట ఆగి మళ్లీ మొదలుపెడతారు. అప్పుడు నలుగురున్నా చాలు. అన్ని అపార్ట్‌మెంట్లలో చేసేది అదే.

సీక్యాంప్_మూడో_అంతస్తు
మా బైలాలోనూ అట్లాంటి క్లాజుంది: ‘కోరం లేనిచో అరగంట తర్వాత అదే స్థలంలో సమావేశమగును, హాజరైనవారే కోరం.’ అందుకే నాకు అనుమానం. నోటీసులో అంశాలు నాలుగే: పోయిన మినిట్స్, 2024-25 లెక్కలు, కొత్త కమిటీ, ఇతర అంశాలు. ఆ ‘ఇతర అంశాల్లో’ పెయింటింగుకు ఫ్లాటుకు 15,000 పెడతారని లిఫ్టు దగ్గర అనుకుంటాన్నారు.

మినిట్స్_బుక్కు
అరగంట క్లాజు మీ బైలాలో ఉంది కాబట్టి పనికొస్తుంది. లేని చోట పనికిరాదు, ఆ మేరకు అన్న మాటకు సవరణ. కానీ అది కోరం లోపాన్ని మాత్రమే పూడుస్తుంది. రోజులు తక్కువైన నోటీసును సరిచేయదు. అరగంట తర్వాత కూర్చున్నది కొత్త మీటింగు కాదు, పొద్దున 10 గంటలదే కొనసాగింపు. నోటీసులో ఏమున్నాయో అవే మాట్లాడాలి. పాత లోపం దానికీ అంటుకునే ఉంటుంది.

పెయింటింగు ఇంకా తేలిక. ఇంటింటికీ 15,000 భారం పడే సంగతి నోటీసులో పేరుతో, మొత్తంతో కనబడాలి. ‘ఇతర అంశాలు’ అన్నది గేటు తాళాలు, నీళ్ల ట్యాంకరు వేళలు లాంటివాటికి. రాని మనిషి ‘ఇది ఉందని తెలిస్తే నేను వచ్చేవాన్ని’ అని అనగలిగే ఏ సంగతీ అక్కడ పెట్టకూడదు. పైగా వసూలుకు దిగినప్పుడు కట్టనన్నవాళ్లు ముందు తీసి చూపేది ఈ నోటీసునే. ఈ చట్టం కింద సంఘం లోపలి తగాదా 23వ సెక్షన్ పట్టుకుని జిల్లా కోర్టు దాకా పోవచ్చు. పెయింటింగు కోసం అంతదూరం ఎందుకు?

కడప_బ్లాక్_బి
అన్నీ తప్పులే చెప్పినారు, మంచిది. ఇప్పుడు ఆ సెక్రటరీ ఏం రాయాల? హాజరు అడగనే కూడదా?

మినిట్స్_బుక్కు
అడగొచ్చు, అడగాలి కూడా. కుర్చీల లెక్కకు అడిగినట్టు అడగాలి, హక్కును ముడిపెట్టకుండా. నేనైతే నోటీసు కింద ఈ మాత్రం రాస్తా:

‘ఏర్పాట్ల కోసం మాత్రమే: ఫ్లాటు నంబరు, సభ్యుల రిజిస్టరులో ఉన్న పేరు, వస్తారా లేదా రాసి వాచ్‌మన్ దగ్గరి పెట్టెలో వేయగలరు. తెలపకపోయినా సమావేశానికి రావచ్చు, ఓటు వేయవచ్చు. లెక్కలపై ప్రశ్నలుంటే మూడు రోజుల ముందు రాసిస్తే బిల్లులు తీసి పెట్టగలం.’

ఫ్లాటుకు ఒకటే చీటీ కాబట్టి రెండుసార్లు లెక్కపడదు. పేరు రిజిస్టరుదే అడిగినారు కాబట్టి అద్దెవాళ్ల చీటీలు విడిగా తెలిసిపోతాయి. ఆ చివరి వాక్యం ఊరికే కాదు. లిఫ్టు రిపేరు బిల్లు ఎవరో అప్పటికప్పుడు అడగడం, ట్రెజరర్ ఇంటికి పరుగెత్తడం, ఈలోపు సగం మంది లేచిపోవడం, దాన్ని ఆపేది అదే.

కొందరు అతి తెలివితో ‘వస్తాను, ఎజెండాకు సమ్మతిస్తున్నాను’ అని చీటీ అచ్చేస్తారు. దానిమీద సంతకం పెట్టొద్దండి. ఆ చీటీలనే తర్వాత హాజరుపట్టీకి జతచేసి తీర్మానానికి ఓట్లుగా చూపిస్తారు. హాజరు సంతకం మీటింగు రోజు, మీటింగు చోట, రిజిస్టర్లోనే.

సీక్యాంప్_మూడో_అంతస్తు
ఈ రాత్రి ప్రెసిడెంటుకు ఉత్తరం ఇస్తున్నా, 21ని ఆపి కొత్త నోటీసు వేయమని. దసరా 2న. ఆ తర్వాతి ఆదివారం అక్టోబరు 5 పెట్టుకోమని రాయనా?

మినిట్స్_బుక్కు
5 అనుకుంటే 20లోపు కాయితం అన్ని ఇళ్లకూ అందాలి, అప్పుడే 21 నుంచి 4 దాకా 14 రోజులు నిండుతాయి. ఈసారి పెయింటింగును విడి అంశంగా, మొత్తంతో వేయించండి. అరగంట క్లాజును కూడా నోటీసులోనే రాయించండి.

కడప_బ్లాక్_బి
ఆగండి. సర్వసభ్య సమావేశం ఏ నెలలోపు జరపాలో మీ బైలా చెప్పే ఉంటుంది కదా? మా దాంట్లో ఆర్థిక సంవత్సరం ముగిసిన 6 నెలల్లోపు, అంటే సెప్టెంబరు 30.

సీక్యాంప్_మూడో_అంతస్తు
మాదీ అదే. 6 నెలలు.

అనంత_పాతకాపు
ఇంకేం, 5న పెడితే గడువు దాటింది, 21న పెడితే నోటీసు చాలదు. రెండూ తప్పే. అట్లాంటప్పుడు 21నే కానిచ్చేయండి, అందరూ ఒప్పుకుంటే ఎవరడుగుతారు?

మినిట్స్_బుక్కు
అందరూ అంటే 48 మందీ రాసివ్వాలి, వచ్చిన 20 మంది కాదు. అది జరిగే పని కాదు. ఆలస్యమైందని కారణం మినిట్స్‌లో రాసి 5న పెట్టుకోవడమే నాకు మేలుగా తోస్తుంది. ఆలస్యం కమిటీ తప్పు. నోటీసు తగ్గించడం సభ్యుని హక్కు మీద దెబ్బ.

కడప_బ్లాక్_బి
నేను ఒప్పుకోను. 30 దాటితే ‘పాత కమిటీ గడువు అయిపోయింది, ఈ నోటీసు ఇచ్చేదానికి మీరెవరు’ అని ఒకరు లేస్తారు. కమిటీ గడువు తేదీ ఏమిటో చూడకుండా 5 అని రాసివ్వకండి.

సీక్యాంప్_మూడో_అంతస్తు
అది ఎన్నికైన రోజు మినిట్స్‌లో ఉండాలి. ఆ పుస్తకం సెక్రటరీ దగ్గరే ఉంది. రేపు అడుగుతా.