మార్చి 31 స్టాక్ లెక్కలో 28 సిమెంట్ బస్తాలు తక్కువ: చివరి 3 ఎలా చూపాలి?

అందరికీ నమస్కారం. మాది రాయగడ. ఆడిటర్ గారి దగ్గర ఆర్టికల్స్ చేస్తున్నాను. మార్చి 31 సాయంత్రం ఒక సిమెంట్ డీలర్ గోడౌన్‌లో స్టాక్ లెక్కింపు చూడటానికి నన్నొక్కడినే పంపారు.

పుస్తకంలో 1,240 బస్తాలు. ముందు వరసలు చూసి గుణించేస్తుంటే నేను ఒప్పుకోలేదు, మధ్యలో ఖాళీ ఉంటే బయటికి తెలియదు కదా. నిచ్చెన వేయించి పైనుంచి చూసి లెక్కపెట్టిస్తే 1,212 వచ్చాయి.

ఇరవై బస్తాల సంగతి గేటు రిజిస్టర్‌లో తేలింది. పార్వతీపురం పార్టీ తన సొంత బండిలో 31 మధ్యాహ్నమే తీసుకెళ్లింది, చలానా ఉంది, బిల్లు మాత్రం ఏప్రిల్ 1 తేదీతో వేశారు. అది మార్చి అమ్మకమే అని రాసుకున్నాను.

మిగతా ఎనిమిదీ చిరిగిపోయాయని స్టోర్‌కీపర్ గారు అన్నారు. గోడ పక్కన ఖాళీ సంచులు ఐదే దొరికాయి. వాటి మీద తయారీ వారం ముద్ర, ఆ స్టాక్ మీదున్నదీ ఒకటే. మూడింటికి ఏ ఆధారమూ లేదు. "ఏప్రిల్‌లో సర్దేద్దాం బాబూ" అంటున్నారు యజమాని గారు. నాకు మనసు ఒప్పడం లేదు, మార్చి 31న లేని సరుకు బ్యాలెన్స్ షీట్‌లో ఎలా ఉంటుంది?

ఆ ఐదింటికి సంచులూ, యజమాని సంతకంతో డ్యామేజ్ నోటూ సరిపోతాయా? మూడింటిని నష్టంగా మార్చిలోనే రాయించాలా? సెక్షన్ 17(5) కింద జీఎస్టీ క్రెడిట్ ఎనిమిదింటికీ వెనక్కి కట్టించాలి అనుకుంటున్నాను, సరేనా? గోడౌన్ ఆడిట్లు చేసినవాళ్లు దయచేసి చెప్పండి.