హెడ్‌లైన్లు ఎలా కలిసినా అర్థం చెడకుండా రాయడమెలా?

రాయగడలో మా చిన్నాన్నది బోరు మోటార్ల రిపేరు షాపు. గూగుల్‌లో రెస్పాన్సివ్ సెర్చ్ యాడ్ నేనే పెట్టాను. 15 హెడ్‌లైన్లూ నింపేశాను. అది ఒకసారికి మూడు వరకే తనకు నచ్చిన వరసలో చూపిస్తుంది కదా, నిన్న ఇలా కలిపింది: "అది కూడా ఇంటి దగ్గరే | రాయగడలో మోటారు రిపేరు | మోటారు రిపేరు షాపు". మొదటిది దేనికో తోక, మిగతా రెండూ ఒకటే మాట! చిన్నాన్న ఒకటే నవ్వు.

ఇప్పుడు ప్రతి హెడ్‌లైనూ ఒంటరిగా నిలబడేలా తిరగరాస్తున్నాను: పని, ఊరు ఒకదాంట్లో, "మెకానిక్ ఇంటికే వస్తాడు" వేరేదాంట్లో. పని పేరున్న మూడింటినీ మొదటి స్థానానికి పిన్ చేస్తే వాటిలో ఏ రెండూ పక్కపక్కన పడవు, కానీ యాడ్ స్ట్రెంత్ తగ్గింది. అన్నలూ, పిన్ ఉంచనా, తీసేసి ఆ మూడింట్లో ఒకటే మిగల్చనా?