10 రోజుల్లో కడితే 2 శాతం తగ్గింపు: వదులుకుంటే ఎంత వడ్డీ పడినట్టు?

పాలకొల్లు మేత డీలర్
రొయ్యల మేత కంపెనీ బిల్లు మీద 10 రోజుల్లో కడితే 2 శాతం తగ్గింపు, లేదంటే 45 రోజుల గడువు. మా నాన్నగారు "రెండు శాతానికి ఆశపడి చేతిలో డబ్బు ఊడ్చి పంపొద్దు" అంటారు. తగ్గింపు వదులుకుంటే ఏడాది వడ్డీ లెక్కన మాకు ఎంత పడుతోంది?

తణుకు రైస్‌మిల్లు
మీ నాన్నగారిదే కరెక్టండీ. 45 రోజులకు 2 శాతం అంటే ఏడాదికి 16 శాతం చిల్లర. బయట రూపాయిన్నర వడ్డీకి తెస్తే 18 శాతం అవుతుంది. గడువు వాడుకోవడమే నయం. గోనె సంచుల వాళ్లతో మేం ఏళ్ల తరబడి అలాగే చేస్తున్నాం.

కాకినాడ అకౌంటెంట్
తణుకు గారి పద్ధతి సరైనదే, రోజుల దగ్గర పొరపాటు పడ్డారు. తగ్గింపు తీసుకున్నా 10వ రోజు దాకా డబ్బు డీలర్ గారి దగ్గరే ఉంటుంది. కాబట్టి వదులుకున్నందుకు అదనంగా దొరికేది 45 రోజులు కాదు, 35 రోజులే.

4,00,000 బిల్లు అనుకోండి. 10వ రోజున 3,92,000 కడితే బాకీ తీరిపోతుంది. ఆ 3,92,000ని ఇంకో 35 రోజులు ఉంచుకున్నందుకు 8,000 ఇస్తున్నారు. భాగించాల్సింది కూడా 4,00,000తో కాదు, 3,92,000తో. నిజంగా అప్పుగా వాడుకున్నది అంతే కదా. 2.04 శాతం వస్తుంది. దాన్ని 365తో హెచ్చవేసి 35తో భాగిస్తే 21.3 శాతం. మన భాషలో నూటికి నెలకు రూపాయి 77 పైసలు. రూపాయిన్నరకి అప్పు దొరికేవాళ్లు అది తెచ్చి కంపెనీకి కట్టినా మిగులుతుంది.

ఇదంతా బిల్లు మీద అచ్చేసిన గడువు లెక్క. మీరు నిజంగా ఏ రోజు కడుతున్నారో దాన్ని బట్టి అసలు వడ్డీ మారిపోతుంది. రెండు మూడు బిల్లుల తేదీలు పెట్టగలరా?

ఆకివీడు చెరువు రైతు
ఆ 2 శాతం మీ డీలర్లు మాకెప్పుడైనా ఇచ్చారా? మా డీలర్ దగ్గర 25 కిలోల బస్తా నగదుకి 2,250, పట్టుబడి దాకా అప్పుకి 2,400. 120 రోజుల పంటకి బస్తాకి 150 ఎక్కువ. నేను కూడా లెక్కేశాను, ఏడాదికి 20 శాతం. మీకు పడేదే మాకూ పడుతోంది.

కాకినాడ అకౌంటెంట్
ఆయన అడిగింది కంపెనీకి కట్టే సంగతండీ. అయినా మీ విషయం వదిలేసేది కాదు, ఎందుకంటే మీకు పడేది 20 కాదు. బస్తాలన్నీ మొదటి రోజే తెచ్చుకోరు కదా. పిల్ల వేసిన కొత్తలో మేత కొంచెమే పడుతుంది, ఎక్కువ బస్తాలు చివరి రెండు నెలల్లోనే దిగుతాయి. అన్నీ కలిపి సగటున ఒక బస్తా 50 రోజులు అప్పులో ఉందనుకుంటే ఏడాదికి దాదాపు 49 శాతం, అంటే నాలుగు రూపాయల వడ్డీ. మీ డీలర్ ఖాతాలో ఏ తేదీన ఎన్ని బస్తాలు రాశారో చూస్తే మీ అసలు సగటు తేలుతుంది.

ఆకివీడు చెరువు రైతు
నాలుగు రూపాయలా! ఈ రాత్రికే పుస్తకం తీస్తాను.

పాలకొల్లు మేత డీలర్
మేడమ్ గారూ, ఇవిగో తేదీలు. జూన్ 3 బిల్లు 4,00,000, జులై 18న కట్టాం. జూన్ 20 బిల్లు 2,50,000, ఆగస్టు 19న కట్టాం, అది 15 రోజులు లేటు. జులై 5 బిల్లు 3,20,000, మధ్యలో ఒక రైతు డబ్బు రావడంతో జులై 27నే కట్టేశాం. మూడింటికీ తగ్గింపు రాలేదు. బ్యాంకు ఓడీ 11 శాతానికి ఉంది.

కాకినాడ అకౌంటెంట్
మొదటిది పైన చెప్పిందే, 21.3.

రెండోది 60వ రోజు కట్టారు కాబట్టి అదనంగా 50 రోజులు దొరికాయి, వడ్డీ 14.9కి దిగింది. చౌకగా ఉంది కదా అని సంతోషపడకండి. బిల్లు కింద చిన్న అక్షరాల్లో గడువు దాటితే 18 శాతం వడ్డీ అని ఉందేమో చూడండి. ఉంటే ఆ 15 రోజులకు ఇంకో 1,850 దాకా పడుతుంది, మొత్తం 20 దాటుతుంది. ఇప్పటికి అడక్కపోయినా లెక్కల సర్దుబాటప్పుడు ఖాతాలో వేసేవాళ్లున్నారు.

నాకు బాధ కలిగించింది మూడోది. 10వ రోజు దాటిపోయింది, 22వ రోజున కట్టేశారు. 6,400 వదులుకుని 12 రోజులు వాడుకున్నారు. ఏడాది లెక్కన 62 శాతం! డబ్బు చేతికొస్తే బాకీ తీర్చేయడం మంచి అలవాటే. కానీ తగ్గింపు గడువు దాటాక కంపెనీకి తొందరగా కట్టినందుకు పైసా లాభం లేదు. ఆ డబ్బు 45వ రోజు దాకా ఓడీలో వేసి ఉంచితే రోజూ వడ్డీ తగ్గేది.

మూడూ కలిపి చూడాలంటే శాతాలకు సగటు తీయకండి, 33 అని తప్పు వస్తుంది. ఒక్కో బిల్లుకి సొమ్మును రోజులతో హెచ్చవేసి కూడాలి. అలా చేస్తే 19,400 వదులుకున్నందుకు 23.8 శాతం, సుమారు రెండు రూపాయల వడ్డీ. అదే డబ్బు ఓడీ నుంచి తీసి 10వ రోజే కట్టి ఉంటే వడ్డీ దాదాపు 8,960. పది వేల పైన మిగిలేది.

అమలాపురం పైపుల షాపు
లెక్కకి నేను అడ్డు చెప్పను. కానీ ముందే కట్టేస్తే పట్టు పోతుంది. మాకు ఒకసారి లోడులో సగం పైపులు పగిలి వచ్చాయి. తగ్గింపు కోసం ఎనిమిదో రోజునే కట్టేశాం. క్రెడిట్ నోట్ కోసం నాలుగు నెలలు తిరిగాం. డబ్బు మా దగ్గరే ఉండి ఉంటే వాళ్లే పరుగెత్తుకొచ్చేవాళ్లు. మేతలో తేమ ఎక్కి బూజు పట్టిన బస్తాలు రావా?

పాలకొల్లు మేత డీలర్
వస్తాయి, వానాకాలంలో మరీను. ఇంకో చిక్కు కూడా ఉంది. ఓడీ 15 లక్షలు, అందులో 13.5 ఎప్పుడూ వాడకంలోనే. రైతులు పట్టుబడి అయితే గానీ కట్టరు. బయట రెండు రూపాయలకి తేవాల్సిందే.

కాకినాడ అకౌంటెంట్
ఆ మాట ముందే చెప్పాల్సింది. రెండు రూపాయలకి తెస్తే మొదటి బిల్లుకి వడ్డీ 9,020, తగ్గింపు 8,000. అక్కడ మీ నాన్నగారి మాటే నెగ్గింది. మూడో బిల్లుకి మాత్రం 12 రోజులే కావాలి కాబట్టి మూడు రూపాయలకి తెచ్చినా వడ్డీ 3,700 చిల్లర, తగ్గింపు 6,400. అయితే జులై 15న, అంటే పదో రోజున, 27కి డబ్బు వస్తుందని మీకు తెలుసా?

బూజు బస్తాల మాటకి నా దగ్గర అంకె లేదు. లారీ దిగిన రోజే బస్తాలు విప్పి చూసుకోగలిగితే ఆ భయం కొంత తగ్గుతుంది. 10 రోజులు బిల్లు తేదీ నుంచి లెక్కేస్తారో, సరుకు దిగిన తేదీ నుంచో కూడా అడగండి. లారీ నాలుగో రోజు వస్తే మీకు మిగిలేది ఆరు రోజులే.

పాలకొల్లు మేత డీలర్
బిల్లు తేదీ నుంచే. 15న తెలియదు మేడమ్. రొయ్య సైజు ఇంకా పెరగాలని ఆ రైతు వారం వాయిదా వేశాడు. తెల్లమచ్చ వస్తుందన్న భయంతో 25న రాత్రికి రాత్రి వల వేశాడు.

తణుకు రైస్‌మిల్లు
35 రోజుల సంగతి నేను ఒప్పుకుంటున్నాను. మా సంచుల బిల్లులు మళ్లీ తీస్తున్నా. బిల్లులో కొంత భాగం 10 రోజుల్లో కడితే ఆ భాగానికి తగ్గింపు ఇస్తారా? ఓడీలో ఆయనకి ఖాళీ ఉన్నది లక్షన్నరే కదా.

పాలకొల్లు మేత డీలర్
ఇప్పటిదాకా అడగలేదండీ. సోమవారం కంపెనీ సేల్స్ అబ్బాయి వస్తాడు, అడిగి ఇక్కడే రాస్తాను.