‘చేయాల్సింది ఏమైనా మిగిలిపోయిందా’: డాక్టర్ షెపర్డ్‌ని నమ్మొచ్చా?

సింధు: నాకూ మా క్లాస్‌మేట్ రఘుకూ రెండు రోజులుగా తెగట్లేదు. అగాథా క్రిస్టీ 1926లో రాసిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ గురించి. చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, హంతకుడెవరో చెప్పేస్తున్నాను. కథ చెబుతున్న డాక్టర్ షెపర్డే. ఆక్రాయిడ్ గదిలోంచి తాను బయటికొచ్చిన ఘట్టం ఇలా రాస్తాడు (తెలుగు నాది):

“ఉత్తరం ఎనిమిదీ నలభైకి తెచ్చి ఇచ్చారు. నేను ఆయన దగ్గర్నుంచి కదిలేసరికి ఎనిమిదీ యాభై. ఉత్తరం ఇంకా చదవలేదు. తలుపు పిడి మీద చెయ్యి వేసి, ఆయనకి చేయాల్సిన సాయం ఇంకేమైనా ఉందా అని వెనక్కి చూశాను. ఏమీ తోచలేదు.”

ఆ పది నిమిషాల్లోనే పొడిచేశాడు. పొడిచి, సాయం గురించి ఆలోచించానంటున్నాడు! ఇంత పచ్చి అబద్ధం ఆడినవాణ్ణి ఎలా నమ్మడం?

రఘు: ‘ఆయనకి’, ‘సాయం’ రెండూ నువ్వు చేర్చినవే. మూలంలో ఉన్నది ‘చేయకుండా వదిలేసింది ఏమైనా ఉందా’ అని మాత్రమే. ఎవరి కోసమో చెప్పలేదు. హంతకుడు వెళ్లేముందు గదంతా ఒకసారి కలయజూసుకున్నాడు, అంతే. అతను ఖాళీ వదిలితే నువ్వు మంచి డాక్టర్ని ఊహించుకుని పూరించావు. ఆ అబద్ధం నీ అనువాదం ఆడింది, షెపర్డ్ ఆడలేదు.

ప్రసాద్: ‘పిడి’ కత్తికి ఉంటుంది కదండీ. తలుపుకి గడియ అనో గొళ్లెం అనో అనాలి.

సింధు: ప్రసాద్ గారూ, ఇక్కడ తిప్పి తెరిచే హ్యాండిల్. గొళ్లెం కుదరదండీ. రఘూ, ‘సాయం’ నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ కురుక్షేత్రంలో ధర్మరాజు మాత్రం ఏం చేశాడు? ‘అశ్వత్థామ హతః’ అని గట్టిగా, ‘కుంజరః’ అని లోగొంతుకతో. ఏనుగు చచ్చిన మాట నిజమే. అయినా అప్పటిదాకా నేలకి నాలుగంగుళాల పైన నడిచిన రథం కిందికి దిగింది. మాట నిజమైనంత మాత్రాన మనిషి నమ్మదగినవాడు కాడు.

రఘు: ద్రోణుడు ధర్మరాజుని సూటిగా అడిగాడు. షెపర్డ్‌ని పాఠకుడు ఏమడిగాడు? పైగా చివరి అధ్యాయంలో షెపర్డే ఆ వాక్యాలు మళ్లీ చూపించి, మొదటి వాక్యం తర్వాత ఒక వరస చుక్కలు పెట్టి ఉంటే ఆ పది నిమిషాల్లో ఏం జరిగిందని ఎవరికైనా అనుమానం వచ్చేదా అంటాడు. దాచిన చోటు తనే చూపిస్తున్నాడు.

మాస్టారు: ఇద్దరూ ఒక తేడా గమనించాలి. షెపర్డ్ నోటితో అబద్ధమాడతాడు, కలంతో ఆడడు. రాత్రి ఫోన్ మోగుతుంది. తీసి “ఏమిటీ? ఇప్పుడే వస్తాను” అంటాడు. ఆక్రాయిడ్‌ని ఎవరో చంపేశారని ఆయన ఇంట్లో పనిచేసే పార్కర్ చెప్పాడని అక్కకి చెబుతాడు. అవతల ఉన్నది పార్కర్ కాదు. ‘పార్కర్ ఫోన్ చేశాడు’ అని కథనంలో రాసి ఉంటే అది మనకి చెప్పిన అబద్ధం. తను పైకి అన్న మాటల్ని మాత్రమే రాశాడు. శవం దగ్గర ‘చేయాల్సిన కొద్దిపాటి పని చేశాను’ అన్నదీ అంతే. ఆ పని, ఆక్రాయిడ్ ఇంకా బతికే ఉన్నాడనిపించేలా ఆయన గొంతు వినిపించిన డిక్టాఫోన్ యంత్రాన్ని తీసి సంచిలో వేసుకోవడం.

అయితే రఘూ, నమ్మదగని కథకుడనే మాటని 1961లో తెచ్చిన విమర్శకుడు వేన్ బూత్ చూసింది వాక్యాల నిజానిజాలు ఒక్కటే కాదు. ఆ నవల విలువలకి కథకుడు కట్టుబడ్డాడా అని. ఆ లెక్కన నీ వాదన నిలవడం కష్టం నాయనా.

లలిత: మా తాతగారి డైరీలో ‘పెళ్లికి డబ్బు సర్దుబాటు చేశాను’ అని ఒక్క ముక్క ఉంటుంది. ఆ సర్దుబాటు మా అమ్మమ్మ చంద్రహారం. ఆవిడకి చెప్పకుండా అమ్మారు. రాసిన మాటలో తప్పు లేదు. అమ్మమ్మ మాత్రం చివరిదాకా ఆ డైరీ ముట్టుకోలేదు.

రఘు: లలిత గారూ, మీ అమ్మమ్మగారి బాధ అర్థమవుతోంది. కానీ షెపర్డ్ ఈ రాతప్రతిని స్వయంగా, ఆ హత్యని పరిశోధిస్తున్న డిటెక్టివ్ పొయిరో చేతికిచ్చాడు. పొయిరో ఓడిపోయిన కేసుగా ఎప్పటికైనా అచ్చువేద్దామనుకుని రాసిందది. పొయిరో చదివి, మిమ్మల్ని మీరు వెనకే ఉంచుకున్నారే అన్నాడు. అంటే ఆ ఖాళీ చదివేవాడికి కనిపిస్తుంది. చదవగలిగినవాడికి అతని రాత సాక్ష్యమే.

సింధు: సరే, మార్చాను చూడు: “ఉత్తరం ఇంకా చదవకుండానే ఉంది. తలుపు పిడి మీద చెయ్యి వేసి ఆగాను. చేయాల్సింది ఏమైనా మిగిలిపోయిందా అని వెనక్కి చూశాను.”

రఘు: ఇది బాగుంది. ఆ ‘ఇంకా’ తీసేయ్. ఇంకా అంటే ఆయన తర్వాత చదువుతాడనిపిస్తోంది.

సింధు: అది నేను పెట్టింది కాదు, మూలంలోనే ఉంది. కుర్చీలో మనిషి చచ్చిపడి ఉంటే ‘ఇంకా చదవలేదు’ అని రాశాడు నీ షెపర్డ్. తియ్యను.