బ్యాంకులో పడిందే రాబడా? 44ADA లో ఎంత రాయాలి?

ఒంగోలు కోడర్

2025 ఏప్రిల్‌లో ఉద్యోగం మానేసి ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటున్నా. హైదరాబాదు కంపెనీకి నెలకు లక్ష బిల్లు పెడతా, పదివేలు టీడీఎస్ పట్టుకుని తొంభై వేలు వేస్తారు. మార్చి బిల్లు డబ్బులు మాత్రం ఏప్రిల్ 8న పడ్డాయి. ఇది కాక ఒక విదేశీ ప్లాట్‌ఫాం నుంచి 90,000 వచ్చింది. మార్చి 31 దాకా బ్యాంకులో పడింది మొత్తం 10,80,000. ఐటీఆర్-4 లో 44ADA ఎంచుకుని ఇదే రాసి, సగం ఆదాయంగా చూపిస్తే చాలా? మా ఫ్రెండేమో 26AS లో ఉన్నదే రాయాలంటాడు. ఎవరిది కరెక్టు?

కావలి సెల్ పాయింట్

తమ్ముడూ, సగం ఎందుకు చూపిస్తావు? డబ్బంతా బ్యాంకులోనే పడుతోంది కదా, 44AD పెట్టు, 6 శాతం చాలు. మా షాపుకి నాలుగేళ్లుగా అట్లనే వేస్తున్నా, ఒక్క నోటీసు రాలా. పదమూడు లక్షలు అనుకున్నా 78,000 ఆదాయం, అంతే.

దర్గామిట్ట అకౌంటెంట్

కావలి అన్నా, మీది రిపేర్లు, అమ్మకాలు. వ్యాపారం కాబట్టి మీకు 44AD సరే. ఈ అబ్బాయిది సాఫ్ట్‌వేర్ పని. ఐటీ అనేది వృత్తుల జాబితాలో ఉంది, ఆ జాబితాలో ఉన్నవాళ్లకి 44AD వర్తించదు. పైగా కంపెనీ వాళ్లు 194JB కింద టీడీఎస్ పట్టారంటే, వృత్తి రుసుము అని వాళ్లే రాసి పంపినట్టు. నువ్వు అక్కడ వృత్తి, ఇక్కడ వ్యాపారం అంటే ఎట్లా కుదురుతుంది?

ఇక నీ ప్రశ్నకొస్తే, 10,80,000 మాత్రం తప్పు. పట్టుకున్న టీడీఎస్ కూడా నీ రాబడే. అది నీ పేరు మీద కట్టిన పన్ను, నీ చేతికి రాలేదన్నంత మాత్రాన నీ డబ్బు కాకుండా పోదు. Gross Receipts అని అడిగిన చోట బిల్లు మొత్తం రాయాలి.

పోయినేడు ఒక కుర్రాడు నోటీసు పట్టుకుని వచ్చాడు. బ్యాంకు స్టేట్‌మెంటు ముందేసుకుని పడిందంతా కూడి రాశాడు, టీడీఎస్ మాత్రం పూర్తిగా వెనక్కి అడిగాడు. 26AS లో ఉన్న రాబడి కన్నా రిటర్న్‌లో తక్కువుందని, రిటర్న్ లోపభూయిష్టమని రాసి 15 రోజులు గడువిచ్చారు. పన్నేమీ ఎగ్గొట్టలేదు, కానీ సవరించి పంపేదాకా రీఫండ్ కదల్లేదు.

ఒంగోలు కోడర్

అక్కా, ప్లాట్‌ఫాం వాళ్లది? నేను లక్షకి పని చేశా, వాళ్ల ఫీజు పదివేలు తీసుకుని మిగతాది పంపారు. ఆ పదివేలు నా ఖాతా దాకా రానే లేదు. AIS లో కూడా ఎక్కడా కనబడలేదు.

దర్గామిట్ట అకౌంటెంట్

లక్ష రాయి. ఫీజు నీ ఖర్చు. సగం వదిలేస్తున్నారంటే నెట్ బిల్లు, ల్యాప్‌టాప్, ఇట్లాంటి ఫీజులు అన్నీ అందులోనే సర్దుకోమని. ముందు ఫీజు తీసేసి, మళ్లీ మిగిలినదాంట్లో సగం తీసేస్తే ఒకే ఖర్చు రెండుసార్లు తీసినట్టు. AIS లో లేదంటే అక్కడ ఎవరూ టీడీఎస్ పట్టలేదనే, రాబడి కాదని కాదు. ప్లాట్‌ఫాం సైట్‌లో ఏడాది స్టేట్‌మెంట్ దొరుకుతుంది, దించి దాచుకో. మీ ఫ్రెండు 26AS ఒక్కటే చూడమన్నది అందుకే సగం మాటే. అది చూసుకుంటే 12 లక్షల దగ్గర ఆగిపోతావు.

ఫీడ్ కమిషన్, అల్లూరు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. నేను రొయ్యల మేత కంపెనీకి గుంటల వాళ్లని చూపిస్తా, కమిషన్ ఇస్తారు, టీడీఎస్ పడుతుంది. నేనూ ఇంటి నుంచే, ఫోన్ మీదే పని. నాకూ ఈ సగం లెక్క పెట్టుకోవచ్చా?

దర్గామిట్ట అకౌంటెంట్

లేదన్నా. కమిషన్ వృత్తి కాదు కాబట్టి 44ADA రాదు. కమిషన్ ఆదాయాన్ని 44AD లోనూ వద్దన్నారు. పెట్రోలు, ఫోన్ ఖర్చులకి లెక్కలు రాసి ఐటీఆర్-3 వేయాలి. మీది వేరే థ్రెడ్ పెట్టండి, ఇక్కడ కలిపితే ఈ అబ్బాయి తికమక పడతాడు.

అద్దంకి గుమాస్తా

అమ్మాయి చెప్పినవన్నీ ఒప్పుకుంటా, ఒక్క మార్చి బిల్లు దగ్గర తప్ప. ఆడిటరు గారి దగ్గర ముప్ఫయ్యేళ్లు లెడ్జర్లు రాసిన చెయ్యి ఇది. చేతికందినప్పుడే లెక్కలోకి తీసుకుంటానని పద్ధతి పెట్టుకుంటే, ఏప్రిల్ 8న వచ్చింది ఏప్రిల్ సంవత్సరానిదే. కంపెనీ వాడు మార్చి 31న తన పుస్తకంలో ఖర్చు రాసుకున్నాడు గనక అప్పుడే టీడీఎస్ పట్టాడు, అందుకే 26AS లో 12 లక్షలు. ఆయన పద్ధతి ఆయనది, నీ పద్ధతి నీది. 11 లక్షలు, ప్లాట్‌ఫాం లక్ష కలిపి 12 రాయి. టీడీఎస్ మాత్రం 1,10,000 అడుగు. మిగతా పదివేలు వచ్చే ఏడాదికి తీసుకెళ్లు.

ఒంగోలు కోడర్

టీడీఎస్ వచ్చే ఏడాదికి తీసుకెళ్లడం అనేది ఫారంలో ఉందా తాతయ్యా? నేనైతే మొత్తం అడిగేద్దామనుకున్నా.

అద్దంకి గుమాస్తా

ఉంది నాయనా. టీడీఎస్ షెడ్యూల్‌లో ఈ ఏడాది ఎంత వాడుకుంటున్నావో ఒక గడి, ముందుకు తీసుకెళ్లేది ఎంతో ఇంకో గడి. పక్కనే దానికి సంబంధించిన రాబడి ఎంతో కూడా అడుగుతుంది. ఏ రాబడి చూపితే దాని టీడీఎస్సే అడగాలి. రాబడి వచ్చే ఏడాదికి నెట్టి టీడీఎస్ ఇప్పుడే లాక్కోవాలంటే కుదరదు.

దర్గామిట్ట అకౌంటెంట్

పెద్దాయన లెక్క తప్పని అనను. కానీ ఈ అబ్బాయి ఇప్పటిదాకా ఏ పద్ధతీ పెట్టుకోలేదు, ఇదే మొదటి ఏడాది. రెండు దారుల్లో ఎటు పోయినా కొత్త విధానంలో పన్ను సున్నానే, చూడండి. మార్చి బిల్లు కలిపితే రాబడి 13 లక్షలు, సగం 6,50,000. కలపకపోతే 12 లక్షలు, సగం 6 లక్షలు. 2025-26 ఆదాయం 12 లక్షల లోపు కాబట్టి రిబేటుతో పన్ను పోతుంది. తేడా అల్లా రీఫండ్ దగ్గరే: 1,20,000 ఇప్పుడే వస్తుందా, లేక 1,10,000 ఇప్పుడూ పదివేలు తర్వాతా అని. 26AS తో ముక్కకి ముక్క సరిపోతుందని నేనైతే 13 రాయమంటా. ఏప్రిల్ 8న పడ్డది వచ్చే ఏడాది లెక్కలోంచి తీసేయడం గుర్తుంటే చాలు.

అద్దంకి గుమాస్తా

ఆ గుర్తుండడమే కదమ్మా అసలు సమస్య. వచ్చే మార్చికి ఆ కాగితం ఎక్కడుంటుందో. అందుకే డబ్బు పడ్డ తేదీ పట్టుకోమన్నా. ఏదైనా సరే, ఇవాళ ఒకటి, వచ్చే ఏడాది ఇంకోటి చేస్తే మాత్రం ఒక బిల్లు రెండుసార్లు వస్తుంది, లేదా అసలే రాదు.

కావలి సెల్ పాయింట్

నా 6 శాతం ఇంక ఎవరికీ అక్కర్లేదా? సరే, నా షాపు నాకు. మా వాడొకడు వెబ్‌సైట్లు చేస్తూ నా మాట విని 44AD పెట్టాడు. వాడికి ఫోన్ చేయాలి.

ఒంగోలు కోడర్

కంపెనీ అకౌంట్స్ అమ్మాయిని అడిగా. మార్చి బిల్లు 31వ తేదీ మీదే ఎక్కించారంట, మార్చడం కుదరదంది. 13 లక్షలే రాస్తున్నా అక్కా. మార్చి ఇన్‌వాయిస్ మీద "ఏప్రిల్ 8న వచ్చింది, 2025-26 లో చూపించేశా" అని స్కెచ్ పెన్నుతో రాసి ఫైల్లో పెట్టా. తాతయ్యా, ఆ కాగితం పోగొట్టనులే.