సమీక్షలో మన ఇష్టం ఎక్కడి వరకు?

కోనసీమ కుర్రాడు: మొన్న అమలాపురంలో ఓ కొత్త సినిమా చూసి మా ఊరి గ్రూపులో ఇలా రాశాను: "కథ నీరసం, హీరో తేలిపోయాడు, పాటలు దండగ, గోదారి యాస చిరాకు. 2/5." అందులో సగం నీ ఇష్టాయిష్టాలే అన్నారు. అసలు వాటిని విడదీసి రాయడం కుదురుతుందా?

రాజోలు రైతు: నీ ఇష్టం రాయనే రాయకు తమ్ముడూ. కాటా మీద ధాన్యం తూచేటప్పుడు ఈ రకం నాకు నచ్చదు అంటామా? ఆ సినిమా నేనూ చూశాను. హీరో విషయంలో మాత్రం నువ్వన్నది కరెక్టే. తండ్రిని ప్రాణంగా చూసుకున్నవాడు ఇంటర్వెల్ అవ్వగానే రొయ్యల చెరువు తాకట్టు పెట్టి ఊరొదిలి పోతాడు. నమ్మబుద్ధి కాలేదు. నటన లేదు.

రాజమండ్రి మాస్టారు: రైతుగారూ, మీకు నమ్మబుద్ధి కాకపోవడం నిజం. కానీ ఆ తప్పు నటుడి మీద వేయకండి. వాడు ఎందుకు పోయాడో సినిమాలో ఎక్కడైనా చూపించారా? నేను చాలా ఏళ్లు ఒక పత్రికకి సమీక్షలు రాశాను. ఇంటికి రాగానే కథని నాలుగైదు వాక్యాల్లో రాసుకుని, వాటి మధ్య "అందుకని" పెట్టి చదివేవాణ్ణి. "తండ్రి అప్పులపాలయ్యాడు, అందుకని కొడుకు చదువు మానేశాడు." ఇది నిలబడుతుంది. "కొడుక్కి తండ్రంటే ప్రాణం, అందుకని పారిపోయాడు." ఇక్కడ తెగింది. కథ తెగిన చోట ఎంత గొప్ప నటుడైనా ఏమీ చేయలేడు.

అతని నటన చూడాలంటే ఆసుపత్రి సీన్ గుర్తు చేసుకోండి. ఒక్క మాట లేదు. తండ్రి చెప్పులు తీసి మంచం కింద పెడతాడు. ఒకటి తిరగబడి ఉంటే మళ్లీ వంగి సరిచేస్తాడు, చెయ్యి అక్కడే కాసేపు ఉండిపోతుంది. నాకు గొంతు పట్టేసింది. హీరోయిన్ గురించి రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త. మన సినిమాల్లో చాలాసార్లు మొహం ఒకరిది, గొంతు డబ్బింగ్ చెప్పినవారిది. "డైలాగ్ బాగా పలికింది" అని రాసే ముందు ఆ గొంతు ఎవరిదో కనుక్కోవాలి.

తణుకు నుంచి: మీరు కథ, నటన అంటున్నారు గానీ నా బాధ వేరండి. "కుటుంబ సమేతంగా చూడొచ్చు" అని ఎవరో రాస్తే నమ్మి మా అమ్మని తీసుకెళ్లాను. నాన్న పోయి నాలుగు నెలలు. ఆ సినిమాలో దహనం సీన్ పది నిమిషాలు. అమ్మ మధ్యలోనే లేచి బయటకి వచ్చేసింది. సినిమా బాగుందో లేదో నాకు అనవసరం. ఆ ఒక్క ముక్క రాసి ఉంటే మేం వెళ్లేవాళ్లం కాదు.

రాజమండ్రి మాస్టారు: అమ్మా, మీరన్నది రాసి తీరాలి. కథ చెప్పేయకుండానే "మరణం, అంత్యక్రియల సీన్ దీర్ఘంగా ఉంది" అనొచ్చు.

ఇక ఇష్టం సంగతి. 1964 నాటి 'మూగమనసులు' గోదావరి మీద పడవ నడిపే గోపి కథ. నాకు పునర్జన్మల మీద నమ్మకం లేదు. అలాగని కథలో లోపం ఉందని రాయలేను. కొత్త దంపతులకి పడవ మీద పోయిన జన్మ గుర్తుకు రావడంతోనే సినిమా మొదలవుతుంది. అంటే తన షరతేమిటో మొదట్లోనే చెప్పేసింది. అందుకే "పునర్జన్మ కథలు నాకు పట్టవు" అని ఒక వాక్యం విడిగా, నా మాటగా రాస్తాను. అవి ఇష్టమైనవాడు ఆ వాక్యం చదివే టికెట్ కొంటాడు. ఇష్టం దాచేస్తే రైతుగారూ, అది మార్కుల్లోకి దొంగచాటుగా దూరుతుంది.

కోనసీమ కుర్రాడు: మళ్లీ రాశాను, చూడండి మాస్టారూ. "మొదటి సగం కథ గట్టిగా ఉంది. హీరో ఊరొదలడానికి కారణం చూపించలేదు. ఆసుపత్రి సీన్‌లో హీరో చాలా బాగా చేశాడు. పాటలు వినడానికి బాగున్నాయి, కానీ చెరువు వేలం మధ్యలో వచ్చిన డ్యూయెట్ టెన్షన్ అంతా పోగొట్టింది. అంత్యక్రియల సీన్ పెద్దది. గోదారి యాస నాకు నచ్చలేదు, అది నా ఇష్టం." మార్కులు తీసేశాను.

రాజమండ్రి మాస్టారు: డ్యూయెట్ సంగతి బాగా పట్టావు. ట్యూన్ బాగుండటం సంగీత దర్శకుడి పని, అది వచ్చిన చోటు దర్శకుడి పని. యాస మాత్రం ఇష్టంలో వేయకు. "ఆయ్" అని మనం పెద్దవాళ్ల మాటకి ఔనన్నట్టు అంటాం. ఆ సినిమాలో తండ్రి కొడుకుతో, అప్పులవాడు తండ్రితో, అందరూ ప్రతి వాక్యం చివరా అంటారు. అది రాతలో తప్పు.

రాజోలు రైతు: దీనికి మాత్రం ఒప్పుకోను మాస్టారూ. మనకి తెలుసు కాబట్టి తప్పంటున్నాం. కడపవాడికి అది హాయిగానే ఉంటుంది. సమీక్ష మనకోసమే రాస్తున్నామా, వాళ్లకోసమా?

తణుకు నుంచి: మా ఇంట్లో చిన్నప్పటినుంచీ "ఆయ్" అంటూనే పెరిగామండి. హాల్లో దానికి జనం నవ్వుతుంటే నాకు కష్టంగా అనిపించింది. దాన్ని కథ కింద రాయాలో, నా ఇష్టం కింద రాయాలో నాకు తెలియట్లేదు.