పేరు కలవక ఆగిపోయిన సంపాదన: మార్చాల్సింది ప్రొఫైల్‌లోనా, బ్యాంకులోనా?

వేకువ అడిగిన ప్రశ్న:
నా వీడియోల సంపాదన రెండు నెలలుగా ఆగిపోయింది. గుర్తింపు కోసం పాస్‌పోర్ట్ ఇచ్చాను, అందులో ఇంటిపేరు, పేరు పూర్తిగా ఉన్నాయి. బ్యాంకు ఖాతాలో ఇంటిపేరుకి ఒక్క పొడి అక్షరమే ఉంది. చెల్లింపు ప్రొఫైల్‌లో మొదట్లో తెలియక ఛానెల్ పేరు పెట్టేశాను. ఒకరు బ్యాంకుకి వెళ్లమంటున్నారు, ఇంకొకరు ప్రొఫైల్ మార్చమంటున్నారు. ముందు ఏది చేయాలి?

గట్టుమీద:
బ్యాంకు జోలికి వెళ్లకండి. బ్యాంకులు పేరు చూడవు, ఖాతా నంబరు చూసి డబ్బు వేసేస్తాయి. నా ఖాతాలో స్పెల్లింగ్ తప్పుంది, అయినా రెండేళ్లుగా ప్రతి నెలా డబ్బు పడుతూనే ఉంది. ప్రొఫైల్‌లో ఛానెల్ పేరు తీసేసి మీ పేరు పెట్టండి, చాలు.

ఊదాపువ్వు:
నాకూ ఇలాగే ఆగింది అండీ. చిరునామాకి ఉత్తరంలో పిన్ నంబరు వస్తుంది, అది ఎంటర్ చేయగానే సరిపోయింది. మీకు ఉత్తరం వచ్చిందా?

లెక్కలపుస్తకం:
ఊదాపువ్వు గారూ, మీరు చెప్పేది చిరునామా తనిఖీ. వేకువ గారిది పేరు సమస్య, దానికి ఆ పిన్‌తో పని లేదు.

నేను చాలా ఏళ్లు క్రియేటర్ల చెల్లింపుల విభాగంలో పనిచేశాను. ఇలాంటి కేసు వస్తే మేం మొదట చూసేది ఒక్కటే: డబ్బు ప్లాట్‌ఫామ్ నుంచి బయలుదేరిందా, లేదా? చెల్లింపుల పేజీలో నిలిపివేశామని ఉంటే డబ్బు అసలు కదల్లేదు. అలాంటప్పుడు తేడా చాలావరకు మీ గుర్తింపు కార్డుకీ ప్రొఫైల్‌కీ మధ్య ఉంటుంది, లేదా పన్ను ఫారంలో ఉంటుంది. అలా కాక పంపామని ఒక తేదీ ఉండి, కొన్ని రోజులకు తిరిగి వచ్చిందని కనిపిస్తే, అప్పుడు సమస్య బ్యాంకు వివరాల్లో. ఈ రెండింటినీ ఒకటే అనుకుని బ్యాంకు చుట్టూ నెలల తరబడి తిరిగినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్ల డబ్బు అసలు బ్యాంకు దాకా వెళ్లనే లేదు.

గట్టుమీద గారు చెప్పింది సగం నిజం. నంబరు చూసి జమ చేసే బ్యాంకులు ఉన్నాయి. అంతర్జాతీయ బదిలీలో మాత్రం అందుకునే బ్యాంకు పేరు కూడా పోల్చి చూసి వెనక్కి పంపేయవచ్చు. మధ్యలో ఉన్న బ్యాంకు తన రుసుము కోసుకుంటే తిరిగి వచ్చేది తక్కువే. పైగా ఇప్పుడు చాలా ప్లాట్‌ఫామ్‌లు పంపే ముందే ఖాతాదారు పేరును ప్రొఫైల్‌తో పోల్చుకుంటున్నాయి. రెండేళ్లు ఆగలేదు కాబట్టి రేపూ ఆగదని అనుకోవద్దు.

వేకువ:
ఇప్పుడే చూశాను. నిలిపివేశామనే ఉంది, పంపిన తేదీ లేదు. అంటే డబ్బు బ్యాంకు దాకా వెళ్లనే లేదన్నమాట! పేరు ఎలా రాయాలో కూడా చెప్తారా? ఫారంలో పేరు ఒక గడి, ఇంటిపేరు ఇంకో గడి. ఏది ముందో నాకెప్పుడూ గందరగోళమే.

లెక్కలపుస్తకం:
పాస్‌పోర్ట్ ఫొటో పేజీ అడుగున రెండు వరుసలు ఉంటాయి. తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్ చాలావరకు చదివేది వాటినే. అన్ని దేశాలకూ పద్ధతి ఒకటే. ప్రమాణంలో ఇచ్చిన నమూనా మొదటి వరుస ఇది:

```
P<UTOERIKSSON<<ANNA<MARIA<<<<<<<<<<<<<<<<<<<
```

మొదట `P`, తర్వాత మూడక్షరాల దేశం కోడ్, ఈ నమూనాలో `UTO`. ఆ వెంటనే ఉన్నది ఇంటిపేరు. రెండు గుర్తులు `<<` వచ్చాక ఉన్నవి సొంత పేర్లు, వాటి మధ్య ఒక్క `<` ఉంటే అది ఖాళీ అని అర్థం. మీ పాస్‌పోర్ట్‌లో `<<` కి ముందున్నది ఇంటిపేరు గడిలో, తర్వాతది పేరు గడిలో అక్షరం మారకుండా రాయండి. రెండు మాటలుగా ఉన్న పేరును కలిపేయవద్దు, కలిసి ఉన్నదాన్ని విడదీయవద్దు. ఛానెల్ పేరు జనానికి కనిపించే చోట అలాగే ఉంటుంది, దానికేమీ కాదు.

పన్ను ఫారం ఇచ్చి ఉంటే అందులోనూ ఇదే పేరు ఉండాలి. ఛానెల్ పేరుతో సంతకం చేసి ఉంటే కొత్త ఫారం ఇవ్వండి. అమెరికా ప్లాట్‌ఫామ్‌లు అక్కడి పౌరులూ పన్ను నివాసులూ కాని వ్యక్తుల దగ్గర తీసుకునే W-8BEN లో మొదటి గడే డబ్బు అందుకునే వ్యక్తి పేరు. దాన్ని చాలామంది మర్చిపోతారు.

చిరుజల్లు:
నా సమస్య వేరే. పెళ్లయ్యాక బ్యాంకులో ఇంటిపేరు మార్చుకున్నాను, పాస్‌పోర్ట్‌లో పాతదే ఉంది. మా వారి ఖాతా నంబరు ఇచ్చేస్తే పని అయిపోతుందని అందరూ అంటున్నారు. ఇవ్వొచ్చా?

లెక్కలపుస్తకం:
వద్దమ్మా. ఆ ఖాతాలో మీ పేరు లేకపోతే అది ఇంకో తేడా అవుతుంది, పన్ను లెక్కల్లో కూడా చిక్కు వస్తుంది. ఉమ్మడి ఖాతాలో మీరూ ఖాతాదారు అయితే చాలా చోట్ల ఒప్పుకుంటారు. మీకు సరైన దారి పాస్‌పోర్ట్‌ను కొత్త పేరుకి మార్చుకోవడం, లేదంటే బ్యాంకులో పాత పేరుకి తిరిగి వెళ్లడం. కొన్ని ప్లాట్‌ఫామ్‌లు వివాహ ధ్రువపత్రం కూడా తీసుకుంటాయి. ముందు అది అడిగి చూడండి.

గట్టుమీద:
సరే, అంతర్జాతీయ బదిలీ సంగతి నేను ఆలోచించలేదు. కానీ వేకువ గారి పొడి అక్షరం కోసం బ్యాంకులో పేరు మార్చమనడం మాత్రం అనవసర టెన్షన్. ఆ అక్షరం ఇంటిపేరులో మొదటిదే కదా, ఎవరైనా పోల్చుకోగలరు.

లెక్కలపుస్తకం:
మనిషైతే పోల్చుకుంటాడు. సాఫ్ట్‌వేర్ కొన్ని చోట్ల ఒప్పుకుంటుంది, కొన్ని చోట్ల ఒప్పుకోదు. నేనైతే మార్పిస్తాను, ఎందుకంటే ఒక్కసారి చేస్తే మళ్లీ ఆ భయం ఉండదు. అయితే ప్రొఫైల్, బ్యాంకు రెండూ ఒకే వారంలో మార్చొద్దు. కొత్త ఖాతా వివరాలు ఇవ్వగానే భద్రత కోసం కొన్నాళ్లు చెల్లింపులు ఆపే ప్లాట్‌ఫామ్‌లు ఉన్నాయి. అప్పుడు దేని వల్ల ఆగిందో మీకే తెలియదు. ప్రొఫైల్ ఆమోదం వచ్చాకే బ్యాంకు సంగతి. ఇంకోటి, గుర్తింపు తనిఖీ తిరస్కరిస్తే అదే ఫొటో మళ్లీ మళ్లీ పంపొద్దు. ప్రయత్నాలకు పరిమితి పెట్టినచోట దారి మూసుకుపోతుంది.

గట్టుమీద:
ఆమోదం వచ్చాక ఒక చెల్లింపు చూడకుండా బ్యాంకుకి పరుగెత్తడం ఎందుకు? పాత పేరుతోనే పడితే ఆ పనే తప్పుతుంది.

లెక్కలపుస్తకం:
మొత్తం చిన్నదైతే మీరన్నట్టు చూడొచ్చు. పెద్ద మొత్తం పేరుకుపోయాక అది వెళ్లి తిరిగొస్తే ఇంకో నెల పోతుంది. అక్కడే మన ఇద్దరికీ కుదరడం లేదు.

నిలువుటద్దం:
ఇంకో చిక్కు ఎవరైనా చూశారా? నా పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీ. కింది వరుసలో పేరు మొత్తం ఒకేచోట ఉంది, `<<` తర్వాత ఏమీ లేదు. ఫారం ఇంటిపేరు లేకుండా ముందుకు కదలనివ్వదు. రెండు గడుల్లోనూ ఒకే పేరు రాశాను, ఒక ప్లాట్‌ఫామ్ ఒప్పుకుంది, ఇంకోటి తిరస్కరించింది.

లెక్కలపుస్తకం:
దీనికి అన్నిచోట్లా పనిచేసే జవాబు నా దగ్గర లేదు. ఒకే పేరును రెండుసార్లు రాయడం నాకు ఇష్టం లేదు, అది కార్డులో లేని పేరు అవుతుంది. సపోర్ట్‌కి పాస్‌పోర్ట్ పేజీ పంపి, ఇంటిపేరు లేదని చెప్పి, గడిలో ఏం రాయాలో వాళ్లచేతే రాతలో చెప్పించుకోండి. ఆ మెయిల్ దాచుకోండి, తిరస్కరించిన చోట అదే మీకు ఆధారం.

వేకువ:
ప్రొఫైల్‌లో పేరు సరిచేసి పాస్‌పోర్ట్ మళ్లీ ఇచ్చాను, ఈ ఉదయం ఆమోదం వచ్చింది. పన్ను ఫారంలో నిజంగానే ఛానెల్ పేరుంది, కొత్తది పంపాను, అది ఇంకా పరిశీలనలో ఉంది. మొత్తం పెద్దదే కాబట్టి నాకు లెక్కలపుస్తకం గారి మాటే సరిగా అనిపిస్తోంది. ఆ ఫారం తేలగానే బ్యాంకుకి వెళ్తాను.